క్రియ దాకా ఆగాల్సిన చెయ్యి

తెల్ల బోర్డు మీద ఓ చెయ్యి చకచకా బొమ్మలేస్తుంటే వెనక ఎవరో చెప్పుకుంటూ పోయే వీడియోలు మీరూ చూసే ఉంటారు. 2010లో లండన్‌లోని ఆర్‌ఎస్‌ఏ సంస్థ ఉపన్యాసాలకి ఆండ్రూ పార్క్ బొమ్మలు గీశాక వీటికి బాగా పేరొచ్చింది. అక్కడ మాట ముందు, బొమ్మ వెనక. ఇప్పుడేమో ఇంగ్లీషు మాటకి గీసిన బొమ్మల మీదే తెలుగు గొంతు అతికించేస్తున్నారు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

తెనాలి పక్కన అంగలకుదురులో మా బావమరిది మొక్కజొన్న ఆరబెట్టే మిషను అద్దెకిస్తాడు. అప్పు చేసి కొన్నది. కోతల్లోపు రైతుల వాట్సాప్‌లకి పంపాలని 90 సెకన్ల వీడియో ఒకటి బయట చేయించాడు. "బావా, చూసినోళ్లంతా ఈ ఏడు మొక్కజొన్నకి రేటు లేదంటగా అనడుగుతున్నారు. మిషను సంగతి ఒక్కరూ ఎత్తట్లేదు" అని ఫోన్ చేశాడు.

వీడియో చూస్తే కారణం తెలిసింది. గొంతు చెప్పే వాక్యం ఇది: "తేమ ఎక్కువున్న మొక్కజొన్నకి మంచి రేటు రాదు." ఇంగ్లీషులో ఇదే మాట చెబితే 'రాదు' మొదట్లోనే వచ్చేస్తుంది, తేమ చివరికి పోతుంది. బొమ్మలూ ఆ వరసలోనే ఉన్నాయి: రూపాయి, దాని మీద ఇంటూ గుర్తు, పొత్తు, చివర్లో నీటిచుక్క. చెవి 'తేమ' దగ్గరుండగానే కన్ను కొట్టేసిన రూపాయిని చూసేసింది. కదిలే చెయ్యి ఉన్నచోట కన్నే గెలుస్తుంది. మద్దతు ధరకి తేమ 14 శాతం దాటకూడదన్న అసలు ముక్క ఎవరికీ ఎక్కలేదు.

సరిచేయడానికి ముందు గొంతునే పట్టుకున్నాను. వాక్యం నాలుగున్నర సెకన్లు. 'తేమ' మొదట్లో, 'మొక్కజొన్న' ఒకటిన్నర దగ్గర, 'రేటు' మూడు దగ్గర, 'రాదు' నాలుగు దగ్గర పడుతున్నాయి. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఎస్‌వీజీ ఫైల్లో ఏ గీత ముందుంటే అదే ముందు పడుతుంది. అందుకని ఇంక్‌స్కేప్‌లో గీతల వరస మార్చాను: చుక్క, పొత్తు, రూపాయి, ఇంటూ. ప్రతి బొమ్మా దాని మాట పూర్తయ్యేసరికి పూర్తవ్వాలి. పొత్తు మీద గింజలన్నీ గీయడానికే మూడు సెకన్లు పడుతోంది. గొంతుని సాగదీస్తే నిద్రొస్తుంది కాబట్టి గింజలే తగ్గించి, రెండు వరసలు ఉంచాను. ఇంటూకి అర సెకను చాలు, కానీ 'రాదు' వినపడేదాకా అది కదలకూడదు. ఆ తర్వాత ఒక సెకను చెయ్యి తెర మీద లేకుండా ఖాళీగా వదిలాను. 14 శాతం అన్న అంకె ఆ ఖాళీ తర్వాతే వస్తుంది.

ఈ పద్ధతికి హద్దుంది. ఒకే వాక్యంలో నాలుగు బొమ్మలు మించితే ఏ వరసా కాపాడదు. వాక్యాన్నే రెండు చేయాలి. కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే వీడియోని వాక్యం మధ్యలో ఆపి, చూస్తున్నవాళ్లని తర్వాతేం చెప్తాడో అడగండి. చివరి మాట ముందే చెప్పేశారంటే చెయ్యి తొందరపడిందని అర్థం.