మూడో చరణం దాకా బొంకే చెలికత్తె

నాష్‌విల్‌లో మా ఇంటికి శనివారం పొద్దున పదింటికి ఎనిమిదిమంది పిల్లలు వస్తారు. వాళ్ళకు అన్నమయ్య కీర్తనలు నేర్పుతాను. పోయిన నెల ‘ఏమొకో’ మొదలుపెట్టాం. పాడించేముందు పల్లవికి అర్థం చెప్పడం నా అలవాటు. అమ్మవారి చిగురులాంటి పెదవి మీద అక్కడక్కడా కస్తూరి అంటుకుని ఉంది, అది చూసిన చెలికత్తె ఇది ఆమె తన స్వామికి రాసిన ఉత్తరం కాదు కదా అని తోటి చెలులను అడుగుతోంది, అని చెప్పాను. ఒక పదమూడేళ్ళ అమ్మాయి నోట్‌బుక్కులోంచి తలెత్తి, “ఆంటీ, కస్తూరి పెట్టుకునేది నుదుటికి కదా, పెదవి మీదికి ఎట్లా వచ్చింది? ఆ ఫ్రెండుకి తెలుసు. తెలిసీ అబద్ధం చెప్తోంది,” అంది.

నాకు తిరుపతిలో మా ఇంటి వసారా గుర్తొచ్చింది. ఇదే పాట రేడియోలో వస్తుంటే మా అవ్వ పప్పు చెరుగుతూ చేట ఆపి, “తెలీకుండానా అడగతా ఉండేది? అన్నీ తెలుసు ఆ యమ్మికి. బొంకతా ఉండాది,” అనేది. స్వామి రోజూ రాత్రి కొండ దిగి తిరుచానూరుకు అమ్మ దగ్గరికి పోయొస్తాడని, అందుకే ఆయన పాదరక్షలు అరిగిపోతాయని మా ఇళ్ళల్లో చెప్పుకునేవాళ్ళు. అలిపిరి పాదాల మండపం దగ్గర జనం లోహపు పాదుకలు తలమీద పెట్టుకుని ప్రదక్షిణం చేస్తుంటే చూస్తూ పెరిగినదాన్ని. ఆ నమ్మకంలో బతికిన అవ్వకు ఈ పాటలోని సమయమేమిటో వేరే చెప్పాల్సిన పని లేదు. అది తెల్లవారుజాము. స్వామి వచ్చి వెళ్ళిపోయాడు. అమ్మ ఒంటిమీద గుర్తులు మిగిలాయి. చుట్టూ చెలులు చేరారు. వాళ్ళలో ఒకతె ఆ గుర్తులకు కారణాలు కల్పిస్తోంది.

కల్పించడంలో ఆమె నేర్పు చూడండి. పెదవి చిగురు అన్నాక అది ఆకే. ఆకు మీద కస్తూరి సిరా అయింది. ఆకు, సిరా ఉన్నాయి కనక అది ఉత్తరం. అబద్ధం అతికినట్టు కుదిరింది. కానీ ఆమె వాడిన ‘పత్రిక’ అన్న మాటే ఆమెను పట్టిస్తుందని నాకు అనిపిస్తుంది. పూర్వం ఆడవాళ్ళ చెక్కిళ్ళ మీద కస్తూరితో గీసే మకరికలనూ పత్రాలనే అనేవారు. చెక్కిలి మీది పత్రం పెదవి మీదికి ఎట్లా జరిగిందో ఆలోచిస్తే ఉత్తరం కథ అక్కడే చెదిరిపోతుంది.

మొదటి చరణంలో అమ్మ కంటికొసలు ఎర్రబారి ఉన్నాయి. రాత్రంతా నిద్ర లేని కళ్ళు అవి. చెలికత్తె ఆ మాట అనదు. స్వామి మీద నాటిన వాడిచూపులను మళ్ళీ పెరికి తీసుకుంటే వాటికి అంటిన నెత్తురు కాబోలు అంటుంది. ఇదీ కల్పనే, అయితే ఇందులో స్వామి ఎదురుగా ఉన్నాడు. ఉత్తరం రాయాలంటే ఆయన దూరాన ఉండాలి కదా! పల్లవిలో చెప్పిన దానికి, ఇక్కడ చెప్పిన దానికి పొంతన లేదు. అబద్ధం చెప్పేవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే, రెండో కారణం చెప్పేటప్పుడు మొదటిది మరిచిపోతారు.

రెండో చరణంలో పయ్యెద దాటి వెలుగు కనిపిస్తోంది. ఆ వెలుగు వేసవి వెన్నెల అట. వెన్నెల రావాలంటే చంద్రుడుండాలి. ఆ చంద్రవంకలు ప్రియుడి గోటి గుర్తులని ఆమె నోటినుంచే వచ్చేస్తుంది. దాచడానికి తెచ్చిన ఉపమానంలోనే దాచాల్సింది ఉంది. మూడో చరణానికి వచ్చేసరికి కల్పించడానికి ఏమీ మిగల్లేదు. చెక్కిళ్ళ మీద ముత్యాల్లా నిలిచిన బిందువులు ఏమిటంటే, వేంకటపతి కౌగిట్లో పట్టిన చెమట కాదు కదా అని ఉన్న నిజాన్నే అనేస్తుంది.

పాట మొత్తానికి కీలు ఈ ‘కాదు కదా’ అన్న రెండు మాటల్లో ఉంది. ఇంట్లో కూడా వాడతాం. “జ్వరం కాదు కదా?” అని అడిగినప్పుడు జ్వరమేనన్న అనుమానం లోపల ఉంటుంది. లేదని అంటూనే ఉందేమోనని అడిగే పలుకు అది. అన్నమయ్య నాలుగు చోట్లా అదే పలుకు వాడాడు. పల్లవిలో దాని వెనక పచ్చి అబద్ధం ఉంది, చివర్న దాని వెనకే పచ్చి నిజం ఉంది. గొంతు మారలేదు, మాట మారలేదు, లోపలి సరుకు మారింది. చెలులను ఆమె ఉసిగొలిపే తీరు కూడా మారుతూ వస్తుంది. మొదట ఆలోచించమంటుంది, తర్వాత కనిపెట్టమంటుంది, ఆఖర్న ఊహించమంటుంది.

మన అలంకారశాస్త్రంలో దీనికి పేరుంది. బయటపడిన గుర్తును వేరే కారణం చెప్పి కప్పిపుచ్చడాన్ని వ్యాజోక్తి అంటారు. అప్పయ్య దీక్షితులు కువలయానందంలో ఇచ్చిన ఉదాహరణ చిన్నది. ఒళ్ళంతా ధూళి కొట్టుకున్న ఒకావిడ, ఇది పెరటి తోటలో పూల పుప్పొడి అని చెలితో అంటుంది. ఆమె నేల మీద ఎక్కడ, ఎవరితో ఉందో శ్లోకం చెప్పదు. ఇంతకంటే నాకు ఇష్టమైనది ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు ఎత్తి చూపిన ప్రాకృత గాథ. ఒకామె పెదవి మీద గాటు ఉంది. మొగుడు చూశాడు. పక్కనున్న చెలి ఆమెను కేకలేస్తుంది, తుమ్మెద ఉన్న తామరను వాసన చూడొద్దన్నానా, ఇప్పుడు అనుభవించు అని. తిట్టినట్టున్న ఆ మాట మొగుడి చెవిన వేయడానికి అన్నది. అతనికి అది నిజం, ఆమెకు రక్షణ, చదివే మనకు అబద్ధం. ఒకే వాక్యం ముగ్గురికి మూడు రకాలుగా అందుతుంది. ఇట్లాంటి పాటను విప్పాలంటే ఎవరు చెబుతున్నారు, ఎవరితో చెబుతున్నారు అన్నది చాలదు, పక్కనుండి ఎవరు వింటున్నారో కూడా చూడాలి.

అన్నమయ్య విషయంలో ఈ పని పూర్తిగా వినేవాళ్ళ మీదే పడుతుంది. ఆయన కీర్తనలను వారసులు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో సంకీర్తన భాండారంలో దాచారు. రేకు మీద రాగం పేరుంటుంది, ఇది అధ్యాత్మమా శృంగారమా అన్న విభజన ఉంటుంది. మాట్లాడేది నాయికా, చెలికత్తా, స్వామా అన్నది ఉండదు. నాటకంలోలాగా పాత్ర పేరు పక్కన రాసిపెట్టరు. ‘చెలులు’ అన్న ఒక్క సంబోధన పట్టుకుని ఈ పాటలో మాట్లాడేది చెలికత్తె అని మనం గుర్తుపట్టాలి. అది పట్టుకోకపోతే కవే అమ్మవారి అందాన్ని వర్ణిస్తున్నాడని అనుకుని, పెదవి మీది కస్తూరిని ఒక ఉపమానంగా తీసుకుని ముందుకు పోతాం. చాలా సభల్లో జరిగేది అదే.

నేనుండే ఊరు కథ చెప్పే పాటలకు పుట్టిల్లు. ఇక్కడ 1959లో లెఫ్టీ ఫ్రిజెల్ పాడిన ‘లాంగ్ బ్లాక్ వీల్’ నాకు ఆఫీసులో గిటార్ వాయించే మిత్రుడొకరు వినిపించారు. హత్యానేరం మీద పడిన మనిషి ఆ రాత్రి తనెక్కడున్నాడో జడ్జికి చెప్పడు. ప్రాణస్నేహితుడి భార్య దగ్గర ఉన్నాడు కనక. ఉరికంబం ఎక్కుతాడు, చనిపోయాక సమాధిలోనుండి మనకు మాత్రం నిజం చెబుతాడు. విని కళ్ళు చెమర్చాయి. తర్వాత తేడా తట్టింది. ఆ పాటలో పాడేవాడు కోర్టు దగ్గర దాచి మన దగ్గర విప్పుతాడు. మన చెలికత్తె మన దగ్గర కూడా విప్పదు. ఆఖరి మాట దాకా ప్రశ్నే వేస్తుంది, జవాబు మన నోట రావాలని చూస్తుంది. అక్కడ సానుభూతితో వింటాం, ఇక్కడ ఆమెతో కలిసి గుట్టు దాచేవాళ్ళం అవుతాం.

ఇంకొక దాపరికం కూడా ఉంది. ఆ ప్రియుడెవరో మూడో చరణం దాకా పాట చెప్పదు. విభుడు, ప్రాణేశ్వరుడు, ప్రియుడు, అంతే. తిరువేంకటపతి పేరు ముద్రగా వచ్చేది చిట్టచివర. అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఈ పాట కథ ఉంది. పెనుగొండలో సాళువ నరసింహరాయలు ఈ కీర్తన విని మురిసిపోయి, తన మీద కూడా ఇట్లాంటిది చెప్పమన్నాడు. హరిని పొగిడే నోటితో నిన్ను పొగడనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. రాజు సంకెళ్ళు వేయించాడు. నాకు ఆ కథ చదివినప్పుడల్లా ఒకటి అనిపిస్తుంది. ఆ రాజు పాటను చివరి ముద్ర దాకా వినలేదు, లేదా విన్నా అది ఏ మగవాడి పేరైనా పెట్టుకోగల ఖాళీ అనుకున్నాడు. పొగడ్తగా విన్నాడు, గుట్టుగా వినలేదు. చెలికత్తె దాస్తున్నది ఒక్క స్వామి గుట్టునే. ఇంకొకరి పేరు పెడితే దాచడానికి ఏమీ ఉండదు.

పోటీల్లో, సభల్లో ఒక్కొక్కరికి ఐదు నిమిషాలిస్తారు. ఆలాపన, పల్లవి, ఒక చరణం, మళ్ళీ పల్లవి, గంట మోగుతుంది. చాలామంది గురువులు మొదటి చరణం నేర్పి సరిపెడతారు, నేనూ కొన్నేళ్ళు అట్లాగే నేర్పాను. త్యాగరాజ కృతుల్లోనో, అన్నమయ్య అధ్యాత్మ కీర్తనల్లోనో ఒక చరణం తగ్గితే భావం కొంచెం పలచబడుతుంది. ఇక్కడ అర్థమే తలకిందులవుతుంది. మూడో చరణం తీసేస్తే చెలికత్తె కల్పించిన కారణాలే మిగులుతాయి, వినేవాళ్ళకు ఉత్తరమే నిజమైపోతుంది. స్వామి పేరు కూడా పాటలో వినబడదు. ఆ చరణంలోని శృంగారం పిల్లలకు ఎందుకని కొందరు మొహమాటపడతారు. ఆ పదమూడేళ్ళ పిల్ల పల్లవిలోనే కనిపెట్టేసింది. మూడో చరణం దగ్గర అది చెమట అని మాత్రం చెప్పి ఊరుకున్నాను, ఆ పిల్ల “నేను చెప్పాగా!” అంది.

మూడో చరణం అయ్యాక పల్లవి తిరిగి వస్తుంది. అదే కస్తూరి, అదే ఉత్తరం, అదే ప్రశ్న. మొదటిసారి పాడినప్పుడు పిల్లలు అడుగుతున్నట్టు పాడారు. చివరిసారి ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించారు, ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

ఈ పాట నేర్పే గురువులకు, పోటీలు నడిపేవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. టైము చాలకపోతే ఆలాపన తగ్గించండి, మొదటి చరణం వదిలేయండి. మూడో చరణం పాడించి, ఆ తర్వాత పల్లవి ఒక్కసారైనా ఎత్తనివ్వండి.