గ్రూపుల అడిగే తీరు



మన ఊరోళ్ళ దుబాయి వాట్సాప్ గ్రూపు సంగతి ఇది. 140 మందిమి ఉన్నం. పండుగ ఫోటోలు తప్ప ఏడాది నుంచి ఎవరూ పలుకలే. మొన్న ఒకన్న, "జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండల పని బంద్, అందరూ గమనించగలరు" అని పెట్టిండు. ఒక్క జవాబు లేదు. ఆ అన్న ఫోన్‌ల మెసేజ్ ఒత్తిపట్టి ఇన్ఫో చూస్తే 90 మందికి పైనే చదివిండ్రు. గమనించమన్నడు, గమనించిండ్రు. అడిగితే కదా జవాబు ఇచ్చేది!

మేము నలుగురు సూపర్‌వైజర్లం కూర్చొని ఆలోచన చేసినం. "ఎవరికైనా ఇబ్బంది ఉన్నదా" అని అడగొద్దనుకున్నం. అట్ల అడిగితే ఇబ్బంది ఉన్నోడే ముందుగాల నోరు మూస్తడు. గ్రూపుల ఫోర్‌మన్ చుట్టం ఉంటడు, క్యాంప్ బాస్ దోస్తు ఉంటడు. అందుకే శనివారం రాత్రి అన్నాలు తిన్నంక ఇట్ల పెట్టినం: "ఇయ్యాల ఎన్నింటికి పని ఆపి నీడకు వచ్చిండ్రు? టైం ఒక్కటే కొట్టుండ్రి, కంపెనీ పేరు వద్దు." అంకె కొట్టనీకి తెలుగు టైపింగ్ రావాల్నా? మొదటి జవాబు పెట్టనీకి అందరికీ సిగ్గే గనుక, ఇద్దరు తమ్ముళ్ళకు ముందే చెప్పి ఉంచినం, మీ నిజం టైం మీరే ముందు పెట్టుండ్రి అని.

12:30, 12:20, 12:30... పది నిమిషాలల్ల పదకొండు అంకెలు వచ్చినయి. తర్వాత ఒకటి, 1:15.

దాని కింద "ఎందుకు, ఏ కంపెనీ" అని మేము అడగలే. అడిగితే ఆ తమ్ముడు డిలీట్ కొట్టి మళ్ళా ఎన్నడూ పలుకడు. విడిగ ఫోన్ చేసినం. కాంక్రీటు పోస్తున్నరని అందరినీ ఆపిండ్రట. మధ్యల ఆపరాని కాంక్రీటు పనికి రూల్‌ల వెసులుబాటు ఉన్నది, అప్పుడు గూడ చల్లనీళ్ళు, నీడ ఇయ్యాల్సిందే. కానీ ఈ తమ్ముడి గ్యాంగు పోస్తలేదు, పక్క బ్లాక్‌ల కడ్డీ కడుతున్నది. దానికి వెసులుబాటు లేదు. లేబర్ మినిస్ట్రీ నంబరు 600590000 ఇచ్చినం, ఏం చెప్పాల్నో గూడ మాట్లాడుకున్నం: తేదీ, టైం, ఏ పని, ఎంతమంది.

తెల్లారి గ్రూపుల లెక్క పెట్టినం: "23 మంది చెప్పిండ్రు. 19 మంది 12:30 లోపే దిగిండ్రు, నలుగురు తర్వాత. ఆ నలుగురితో మాట్లాడుతున్నం." ఈ లెక్క పెట్టకపోతే రెండోసారి ఎవడూ అంకె కొట్టడు, మా జవాబు ఎటు పోయిందో అనుకుంటడు.

జీతం ఆగిన సంగతి మాత్రం గ్రూపుల అడుగుత లేము. అది అంకె రూపంల గూడ మనిషిని పట్టిస్తది, విడిగనే.

ఈ శనివారం ప్రశ్న: మీరు పని చేసే చోటు నుంచి చల్లనీళ్ళు ఎన్ని అంతస్తుల దూరం? అంకె ఒక్కటే కొట్టుండ్రి.