నాలుగు వేలు ఎటు పోయినయి?

మా చిన్నబిడ్డ నర్సింగ్ కాలేజీ ఫీజు శుక్రవారం లోపల కట్టాలి. నలభై రెండు వేలు. బుధవారం పొద్దున టవల్ కార్ఖానాకు పోయే ముందు ఫోన్ తీసి చూసుకున్నాను. నా దగ్గర ఒక చిన్న కంపెనీ షేర్లు ఎనిమిది వందలున్నాయి. స్క్రీన్ మీద ధర 84 రూపాయలు. ఐదు వందలు అమ్మితే సరిగ్గా నలభై రెండు వేలు. దేవుడే లెక్కగట్టి ఇచ్చినట్టు అనిపించింది.

మార్కెట్ తెరిచాక మార్కెట్ ఆర్డర్ పెట్టి అమ్మేశాను. ఒక్క నిమిషంలో పని అయిపోయింది. లెక్క చూస్తే వచ్చింది 38,060. బ్రోకరేజీ, పన్నులు ఇంకా వేరే.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్తే నా భార్య ఒక్కటే మాట అడిగింది. "ధర పడలేదంటవ్, ఎవడూ మోసం చెయ్యలేదంటవ్. మరి నాలుగు వేలు ఎటు పోయినయి?"

నాకు జవాబు తెలియలేదు. తక్కువ పడ్డ సొమ్ము ఆమె భిశీ డబ్బుల్లోంచి తీసిచ్చింది. తర్వాత ఒకరోజు మా బామ్మర్ది కొడుకును పిలిచి కూర్చోబెట్టాను. వాడు షేర్ల ఆఫీసులో పనిచేస్తాడు. వాడు తిట్టలేదు, నవ్వాడు. అది ఇంకా బాధ.

"మామా, 84 అంటే నీకు ఇస్తమన్న ధర కాదు. ఆఖరుకు ఎవరో ఎంతకు కొన్నరో అది. ఐదు షేర్లు కొన్నా అదే చూపెడ్తది" అన్నాడు. తర్వాత ఫోన్‌లో ఆ షేరు పేరు కింద ఉండే ఒక పట్టీ చూపించాడు. దాన్ని మార్కెట్ డెప్త్ అంటారట. ఒక పక్క కొనేవాళ్లు చెప్పిన ధరలు, అవి బిడ్లు. ఇంకో పక్క అమ్మేవాళ్లు అడిగే ధరలు, అవి ఆఫర్లు. రెండు పక్కలా ఐదేసి వరసలు. రెండేళ్లుగా ఆ యాప్ నా చేతిలో ఉంది, అటు నేను వేలు పెట్టింది లేదు.

నా ఐదు వందల షేర్లు ఎవరెవరికి ఎంతకు పోయాయో వాడు చీటీ మీద రాసిచ్చాడు. అందరికన్నా ఎక్కువ ఇస్తానన్నవాడు 78.50 చెప్పాడు, కానీ వాడికి కావలసింది నలభై షేర్లే. తర్వాతి వంద 78కి పోయాయి. నూట యాభై 76కి, రెండు వందలు 75కి. మిగిలిన పది 72కి. మార్కెట్ ఆర్డర్ అంటే "ఎంతకైనా సరే, ఇప్పుడే అమ్ము" అని చెప్పడమే. అది ఒక్కో మెట్టు దిగుకుంటూ పోయింది. సగటున షేరుకు 76.12 పడింది.

అప్పుడే అమ్మేవాళ్ల పక్క అతి తక్కువ ధర 84.50 ఉండింది. అంటే అదే క్షణంలో కొనబోతే 84.50, అమ్మబోతే 78.50. నడుమ ఆరు రూపాయలు. దీన్నే స్ప్రెడ్ అంటారు. స్టేట్ బ్యాంకు షేరు తీసి చూపించాడు. దాంట్లో తేడా కొన్ని పైసలే, ఒక్కో వరసలోనూ వందలు వేల షేర్లకు గిరాకీ. అక్కడ ఐదు వందలు అమ్మినా ధర కదలదు. లిక్విడిటీ అంటే అదేనట: అమ్ముదామన్నప్పుడు ధర కిందికి పోకుండా అమ్ముడుపోవడం.

"అయితే ఆ ఆరు రూపాయలు ఎందుకు మింగుతున్నరు?" అని అడిగాను. వాడు ఏదో చెప్పబోయాడు గానీ నాకు మా నాయిన పాత సాంచాలు గుర్తుకొచ్చాయి.

మన షోలాపూర్‌లో నూలు అమ్మేవాళ్లను చూడండి. పొద్దున తెచ్చిన మూట సాయంత్రానికి పోతుంది, కొనేవాళ్లు వీధికి పదిమంది. అందుకే కిలో మీద కొంచెం లాభం చూసుకొని ఇచ్చేస్తారు. అదే మా నాయిన పోయాక రెండు పాత సాంచాలు అమ్మబోతే వచ్చింది ఒక్కడే దలాలి. వాడు ఇస్తానన్నది, అట్లాంటివి అమ్మే షెడ్డులో అడుగుతున్న దానికి సగం కూడా లేదు. అప్పుడు వాడిని దొంగ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వాడి లెక్క వాడికుంది. కొన్న సాంచా ఎన్ని నెలలు షెడ్డులో పడి ఉంటుందో తెలియదు. కిరాయి కట్టాలి, తుప్పు పడుతుంది, ఈలోగా ధర పడిపోవచ్చు. ఇంకోటి, వాడు నా మొహం చూసి అన్నాడు కూడా: "మంచిగ నడిచేదైతే నువ్వెందుకు అమ్ముతవ్?"

ఎక్కువ నడవని షేరులో కొనేవాడి భయాలు కూడా ఇవే. నా దగ్గర కొన్న నూట యాభై షేర్లు మళ్లీ అమ్మాలంటే వాడికి ఎన్ని రోజులు పడుతుందో. అమ్మేవాడికి కంపెనీ లోపలి సంగతి ఏదైనా తెలిసి వదిలించుకుంటున్నాడేమో. ఆ ఎదురుచూపుకు, ఆ అనుమానానికి ముందే ధర తగ్గించి చెప్తాడు. కొనేవాళ్లు పదిమంది ఉంటే ఒకడిని మించి ఒకడు చెప్పి తేడా తగ్గిపోయేది. ఇద్దరు ముగ్గురే ఉంటే తగ్గించేవాడు ఎవడు?

ఇక నా భార్య అడిగిన నాలుగు వేల లెక్క. సరిగ్గా 3,940. బిడ్‌కు, ఆఫర్‌కు నడిమధ్య ధర 81.50. ఆ షేరు విలువ ఆ పూట అంతే అనుకోవాలి. 84 నుంచి 81.50 దాకా ఉన్న 1,250 రూపాయలు నావి ఎప్పుడూ కావు, స్క్రీన్ మీద కనబడ్డాయి అంతే. మిగతా 2,690 మాత్రం నిజంగా నా జేబులోంచి పోయింది. తొందరకు కట్టిన ఖరీదు అది. వందకు ఆరున్నర రూపాయల పైనే. నిఫ్టీ 50లో చేర్చే కంపెనీలకు ఎన్‌ఎస్‌ఈ ఇట్లాంటి లెక్కే చూస్తుందట. పది కోట్ల కొనుగోలుకు కూడా, పదిసార్లలో తొమ్మిదిసార్లు, ఈ ఖర్చు వందకు అర్ధరూపాయి దాటకూడదు. పది కోట్లకు అర్ధరూపాయి, నా నలభై వేలకు ఆరున్నర!

కొన్నప్పుడు కూడా ఇట్లాగే కట్టానని చీటీ మీద చూస్తేనే తెలిసింది. రెండేళ్ల కింద స్క్రీన్ మీద 60 చూసి ఎనిమిది వందలు ఒకేసారి కొంటే సగటున 63 పడింది. అప్పుడు ధర పెరుగుతోందని సంబరపడ్డాను. పెంచింది నా ఆర్డరే.

మిగిలిన మూడు వందలకు బామ్మర్ది కొడుకు లిమిట్ ఆర్డర్ పెట్టించాడు. 82కి తక్కువ అమ్మను అని. దాంతో అమ్మేవాళ్ల వరసలో నేనే పైన ఉన్నాను. ధర నా చేతిలో ఉంది గానీ అమ్ముడుపోవడం నా చేతిలో లేదు. మొదటి రోజు ఒక్కటీ పోలేదు. మూడున్నరకు మార్కెట్ మూస్తే ఆ ఆర్డర్ రద్దయిపోతుంది, తెల్లారి మళ్లీ పెట్టాలి. రెండో రోజు నలభై ఐదు పోయాయి. మూడో రోజు ఎవడో 81.90కి పెట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఐదో రోజు ఇంకో నూట ఇరవై పోయాయి. ఈలోగా కంపెనీ గురించి చెడ్డ వార్త వస్తే 82 కాదు, 70కి కూడా అడిగేవాడు ఉండడు. కాచుకొని కూర్చోవడానికీ ఖర్చు ఉంది, అది చీటీ మీద కనబడదు.

ఇప్పుడు ఏ షేరు పేరు విన్నా ముందు రోజుకు ఎన్ని చేతులు మారుతున్నాయో చూస్తున్నాను, తర్వాత ఆ ఐదు వరసలు. నేను అమ్మాల్సిన వాటికి పై ఒకటి రెండు వరసల్లోనే కొనేవాళ్లుంటే పరవాలేదు. ఐదో వరస దాకా దిగాల్సి వస్తే అది ఫీజు డబ్బు పెట్టే చోటు కాదు. పెద్దబిడ్డ పెళ్లికి దాచింది బ్యాంకులోనే ఉంచాను. వడ్డీ తక్కువని మా తమ్ముడు ఎగతాళి చేస్తాడు, చెయ్యనీ.

ఇంకా నూట ముప్పై ఐదు షేర్లు ఉన్నాయి. రోజూ పొద్దున కార్ఖానాకు పోయే ముందు 82 అని మళ్లీ కొడుతున్నాను. నా భార్య చాయ్ ఇస్తూ, "ఇయ్యాల ఎవరన్న వచ్చిండ్రా?" అని అడుగుతుంది.