నానీ మంచం, ఈద్ సేమ్యాలు

మేడ్చల్‌లోని మా ఇంట్లో ఒక పాత నులకమంచం ఉంది. దానిపై ఎవరూ పడుకోరు. దాని పట్టెకు ఒకచోట లోతుగా నొక్కు పడి ఉంటుంది. సేమ్యాల మిషనును ఏళ్ల తరబడి అక్కడే బిగించడం వల్ల పడిన గుర్తు అది. రమజాన్ దగ్గర పడుతుండగా నానీ ఆ మంచాన్ని ఎండలోకి వేయించేవారు. ఒకరు పిండి ముద్ద కూరేవారు, ఒకరు పిడి తిప్పేవారు, పిల్లలమైన మేము కింద జారే దారాలను చేతులపై అందుకుని వెదురు కర్రపై ఆరవేసేవాళ్ళం. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పండుగనాటి ఆ పాయసం పేరులో సేమ్యాకు చోటు లేకపోయినా, మాకు మాత్రం షీర్ ఖుర్మా అంటే ఆ మంచమే.

పని చూడటానికి సులువుగానే ఉంటుంది. కిలో మైదాకు ఇంచుమించు 400 గ్రాముల నీళ్ళు, చిటికెడు ఉప్పు. ముద్ద గట్టిగా ఉండాలి. తడి గుడ్డ కప్పి గంటసేపు నాననివ్వాలి. నీరు ఎక్కువైతే దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, తక్కువైతే మిషను నుండి తెగి పడతాయి. అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. తీసిన వెంటనే మండుటెండలో పెడితే పైభాగం త్వరగా బిగుసుకుపోతుంది, లోపలి తేమ బయటికి రాలేదు. తరువాత అవి పగిలి నూకలైపోతాయి. అందుకే మొదట నీడలో గాలికి, ఆ పైన ఎండలో ఆరబెట్టాలని నానీ చెప్పేవారు.

చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. పండుగ ఋతువులన్నీ తిరిగివస్తుంది, ఎండ మాత్రం తన ఋతువులోనే ఉంటుంది. 2016లో ఈదుల్ ఫిత్ర్ జూలై 7న, వానాకాలంలో వచ్చింది. ఆ యేడు సేమ్యాలను మే నెలలోనే చేసి డబ్బాల్లో దాచుకున్నాం. 2026లో పండుగ మార్చిలో వస్తున్నందున ఎండకు కొరత లేదు.

బంధువులు, ఇరుగుపొరుగు వారు "మాకూ చేసిపెట్టండి, వెల ఇస్తాం" అని అడగడం ఎప్పటినుండో ఉన్నదే. అమ్మీకి మనసొప్పలేదు. "పళ్ళెంలో పెట్టి పంచినదానికి వెల కడతారా?" అనేవారు. చివరికి నిరుడు ప్రయత్నంగా కొద్దిపాటి ఆర్డర్లు తీసుకున్నాం. శామీర్‌పేటలో ఉండే ఖాలా ఇంటి డాబాపై ఒక విడత ఆరబెట్టాం. రెండు రోజులు మబ్బు పట్టింది. మూడోనాటికి చేతికి పొడిగానే తగిలాయి, ప్యాకెట్లు కట్టేద్దామనుకున్నాం. ఖాలా మాత్రం తూచమన్నారు.

5 కిలోల మైదాలో 2 కిలోల నీళ్ళు కలిపితే ముద్ద 7 కిలోలు. పూర్తిగా ఆరితే కలిపిన నీరంతా పోయి, తూకం మళ్ళీ 5 కిలోల దగ్గరికి రావాలి. మిషనులో అంటుకుపోయేది తీసేస్తే ఇంకాస్త తక్కువే ఉండాలి. ఆనాడు 5 కిలోల 400 గ్రాములు తూగింది! అంటే కనీసం 400 గ్రాముల నీళ్ళు ఇంకా లోపలే ఉన్నాయి. ఒక దారం విరిచి చూశాం; టిక్కుమని విరగవలసింది, మెల్లగా వంగింది. అలాగే కట్టి ఇస్తే కొన్నవారు నీళ్ళకు సేమ్యాల వెల చెల్లించేవారు, కొన్నాళ్ళకు ప్యాకెట్లో బూజు పట్టేది.

దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూడగా వేళ్ళకు తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని అమ్మకందారు చెప్పగా, ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. ఆ రాశి మా డాబాపైనే ఉన్నట్టు తోచింది. ఆర్డర్లిచ్చిన వారికి ఆలస్యమవుతుందని చెప్పాం. ఇద్దరు వేరే చోట కొనుక్కున్నారు. ఎండ వచ్చాక మళ్ళీ ఆరబెట్టి, తూచి, మిగిలినవారికి ఇచ్చాం. ఆ తరువాతే అమ్మీ మనసు మెత్తబడింది. "తూచి అమ్మేటట్లయితే అమ్మండి, కానీ మొదటి విడత మాత్రం పళ్ళేలకే" అన్నారు.

అల్లాహ్ దయతో ఈ రమజాన్‌కు ఆహార భద్రతా సంస్థ నమోదు చేయించి, 'నానీ మంచం సేమ్యాలు' పేరిట అరకిలో ప్యాకెట్లు సిద్ధం చేస్తున్నాం. ప్రతి ప్యాకెట్‌పై తయారైన తేదీ ఉంటుంది. నేతిలో వేయించినవి త్వరగా ముక్కవాసన వేస్తాయి గనుక వేయించకుండానే ఇస్తున్నాం. ఇంట్లో సన్నటి సెగపై దోరగా వేయించి, పాలు మరిగాక చివరలో వేసుకోవాలి. మేడ్చల్‌లో మా ఇంటి వద్ద, శామీర్‌పేటలో ఖాలా ఇంటి వద్ద అసర్ నమాజు తరువాత లభిస్తాయి. తీసుకునే ముందు ఒక దారం విరిచి చూడండి. టిక్కుమనకపోతే తీసుకోవద్దు.

మొదటి విడత నిన్ననే ఆరింది. ఇరుగుపొరుగు ఇళ్ళకు పళ్ళేలు వెళ్ళాయి.