ఇంటిదారి... లాడ్జిదారి

ఆ మధ్య విశాఖ లాడ్జిలో ఉండగా, కోటబొమ్మాళిలో మా ఇంటి కంప్యూటర్లోని ఫైలు కోసం వైర్‌గార్డ్‌తో ఇంటి వీపీఎన్‌ కలిపాను. పనయ్యాక తీసేయకుండానే సినిమా పెట్టాను. కాసేపటికి నాన్న ఫోను: "మనవరాలితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతోందిరా!"

తప్పు నాదే. సెట్టింగుల్లో `AllowedIPs = 0.0.0.0/0, ::/0` అని ఉంది. అంటే ఫుల్‌ టన్నెల్‌. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపినట్టు, సినిమా ముందు మా ఇంటికెళ్లి, అక్కడి అప్‌లోడ్‌ దారిలో నా దగ్గరికొస్తోంది. ఇంట్లో డౌన్‌లోడ్‌ 40 ఎంబీపీఎస్‌ ఉన్నా అప్‌లోడ్‌ 5 మాత్రమే. నాన్న బొమ్మ వెళ్లాల్సిందీ అందులోంచే!

ఆ చోట ఇంటి నెట్‌వర్క్‌ `192.168.1.0/24` ఒక్కటే ఉంచాను. ఇది స్ప్లిట్‌ టన్నెల్‌. ఇంటి ఫైళ్లు ఇంటిదారిన, మిగతావన్నీ లాడ్జి వైఫై దారిన వెళ్తాయి. సినిమా, నాన్న కాల్‌ రెండూ సాఫీగా సాగాయి.

కానీ నేను ఏ సైట్లు తెరుస్తున్నానో ఇప్పుడు లాడ్జి వైఫై నడిపేవాళ్లు తెలుసుకోవచ్చు. ఫుల్‌లో వాళ్లకు తాళం వేసిన సంచి తప్ప ఏమీ కనిపించదు. ఆ సైట్ల సంగతి మా ఇంటి నెట్‌ కంపెనీకే తెలుస్తుంది. ఏది నడుస్తోందో తెలియాలంటే మన ఐపీ అడ్రసు చూపే సైటు తెరిస్తే చాలు. ఫుల్‌లో ఇంటిది, స్ప్లిట్‌లో లాడ్జిది కనిపిస్తుంది.

ఇప్పుడు రెండూ విడివిడిగా దాచుకున్నాను. నమ్మకంలేని వైఫైలో ఫుల్‌, సినిమాకు స్ప్లిట్‌!