సగంలో ఆగిన సిరంజి

12 జూన్, నైట్ డ్యూటీ

ఏడో బెడ్ ఆయనకి పొటాషియం 2.8కి పడిపోయింది. 500 ఎం.ఎల్. సెలైన్‌లో ఒక కేసీఎల్ ఆంప్యూల్ కలిపి రెండు గంటలపాటు ఎక్కించమన్నారు డాక్టరుగారు. మందు సిరంజిలోకి తీశానో లేదో, "సిస్టర్, మా నాన్నకి ఫిట్స్!" అని కేక. అలాంటప్పుడు ఆగమనడానికి లేదు. సిరంజిని సూదుల డబ్బాలో పడేసి పరుగెత్తాను.

తిరిగొచ్చాక కొత్త ఆంప్యూల్ తీసుకుని, చార్టులో పేరు చూసుకోవడం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. "ట్రేలోనే ఉంచి వెళ్తే సరిపోయేదిగా అక్కా?" అంది జూనియర్. కేసీఎల్ చూడ్డానికి నీళ్ళే. లేబుల్ లేని ఆ సిరంజిని ఇంకెవరైనా ఫ్లష్ సెలైన్ అనుకుని నేరుగా నరంలోకి తోశారంటే గుండె ఆగిపోతుంది. ఆంప్యూల్ పోతే పోయింది.

15 జూన్

ఇవాళ జూనియర్‌కీ అదే పరిస్థితి. మందు కలుపుతుండగా ఎవరో పిలిస్తే వెళ్ళొచ్చింది. బల్ల మీద సెలైన్ సీసా, పక్కన ఖాళీ ఆంప్యూల్. సిరంజి కనబడలేదు, సీసాకి లేబుల్ లేదు. కలిపిందా, లేదా? సీసా ఎత్తి దీపానికి పట్టి చూసింది పాపం. కలిపినా కలపకపోయినా ఒకేలా ఉంటుంది. మళ్ళీ కలిపితే రెట్టింపు కావచ్చు, కలపకుండా పెడితే ఉత్త సెలైన్ కావచ్చు. సీసా పారబోయించాను.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాను. మందు కలిపాక సీసాని నాలుగైదుసార్లు తలకిందులు చేయాలి, లేకపోతే మందు అడుగునే ఉండి మొదట చిక్కగా దిగుతుంది. వెంటనే మందు పేరు, మోతాదు, టైము రాసిన లేబుల్ అంటించాలి. ఖాళీ ఆంప్యూల్‌ని ఆ తర్వాతే పారేయాలి. టైము కలిసొస్తుందని కొందరు లేబుల్ ముందే అంటిస్తారు. అది నాకు అస్సలు నచ్చదు. మధ్యలో లేచి వెళ్తే, కలపని మందుని కలిపినట్టు చెప్పేది ఆ లేబులే. చార్టులో సంతకమూ అంతే, మందు మనిషికి చేరాకే.

18 జూన్

ఫిట్స్, ఊపిరాడకపోవడం, రక్తం కారడం: వీటికి చేతిలో ఏమున్నా వదిలేయాల్సిందే. మిగతావి ఒక్క నిమిషం ఆగుతాయి. "సెలైన్ అయిపోయింది సిస్టర్" అన్న పిలుపుకి నా బదులు జూనియర్ వెళ్ళి క్లాంప్ మూస్తే చాలు. ల్యాబ్ ఫోన్‌ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఎత్తినవాళ్ళు బెడ్ నంబరు, పేషెంటు పేరు, రిపోర్టులోని అంకె రాసుకుని, అవతలివాళ్ళకి తిరిగి చదివి వినిపించాలి.

కొన్ని దేశాల్లో మందులిచ్చే నర్సులు "పలకరించొద్దు" అని రాసిన ఏప్రాన్ వేసుకుంటారట. మా వార్డులో అయితే ఆ రాసింది ఏమిటని అడగడానికే పదిమంది పలకరిస్తారు!

రాత్రి 9 గంటల రౌండ్ అయ్యేదాకా ఫోన్ ఎత్తడానికి ఒకరిని కేటాయించమని ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడిగాను. సోమవారం నుంచి వేస్తానన్నారు.