సున్నా ఎటు పక్క ఉంది?

ఈసారి రాస్తున్నది సంఘం లెక్కలు, చందాల గురించి కాదు. సోలాపూర్‌లో మా ఆదివారం క్లాసులో మేం చేసిన ఒక తప్పు గురించి. పిల్లలున్న ఇళ్లలో చివరిదాకా చదవండి, పనికొస్తుంది.

క్లాసు నడిపేది మేం నలుగురం. వచ్చేవాళ్లంతా మరాఠీ మీడియం పిల్లలు. బడిలో కోనమాపక్ అంటారు, మన దగ్గర కోణమానిని అంటాం. కంపాస్ పెట్టెలో ఉండే ఆ అర్ధచంద్రం లాంటి ప్లాస్టిక్ ముక్కే. పోయిన నెల కోణాలు కొలిచే కాగితం ఒకటి జిరాక్స్ తీసి అందరికీ పంచినం. పది కోణాలు, కొలిచి పక్కన డిగ్రీలు రాయాలి. ఆరో తరగతి పిల్లవాడొకడు పదిలో నాలుగు తప్పు చేసిండు. 50 రాయాల్సిన చోట 130, 115 రాయాల్సిన చోట 65, 28కి 152, 110కి 70. మేం ఎర్ర పెన్నుతో కొట్టేసి, కింద "శ్రద్ధ లేదు" అని రాసినం. సన్నటి కోణం కళ్లకు కనబడుతుంటే 130 ఎట్లా రాస్తడు అని మా కోపం.

తర్వాతి రెండు ఆదివారాలు వాడు రాలేదు. మూడో వారం వాళ్లింటికి పోయినం. వాళ్లమ్మ బీడీలు చుడుతూనే, "మీరు రాసింది చూసి వాళ్ల నాన్న గట్టిగ కోప్పడ్డడన్నా, ఇగ వాడు రానంటున్నడు" అన్నది. వాడు మూలకు కూర్చొని మా వైపు చూడలేదు. ఆ కాగితం తెమ్మంటే తెచ్చిండు. "ఇట్లెందుకు రాసినవు బిడ్డా?" అని అడిగితే చిన్నగ చెప్పిండు: "లోపలి అంకెలే చూడమని మీరే చెప్పిండ్రు గదా అన్నా."

మాకు నోట మాట రాలేదు. నిజమే, చెప్పినం. మొదటి రోజు బోర్డు మీద ఒక కోణం గీసి, దాని కింది గీతను కుడి పక్కకు పెట్టి, "లోపలి వరుస చదవండి" అన్నం. ఆ బొమ్మకు అది సరైన మాటే. అన్ని బొమ్మలకూ అదే సూత్రమని పిల్లవాడు అనుకున్నడు. ఎందుకు అనుకోడు?

అక్కడే కూర్చొని కాగితం మళ్లీ చూసినం. కింది గీత మూల నుంచి కుడికి పోయే కోణాలు ఐదున్నయి. ఆ ఐదూ వాడివి సరిగ్గా ఉన్నయి. ఎడమకు పోయేవి ఐదు. వాటిలో నాలుగు తప్పు. ఐదోది మాత్రం ఒప్పు, ఎందుకంటే అది 90. తొంభై దగ్గర రెండు వరుసల్లోనూ ఒకే అంకె ఉంటుంది, ఏది చదివినా తేడా రాదు. ఇంకో సంగతి చూడండి. 130, 50 కలిపితే 180. 65, 115 కలిపినా 180. 152, 28 కలిపినా, 70, 110 కలిపినా అంతే. శ్రద్ధ లేనివాడి తప్పులు ఇంత పద్ధతిగా ఉండవు. వాడు కోణమానినిని సరిగ్గా పెట్టిండు, గీతను సరిగ్గా పట్టుకున్నడు, చదవాల్సిన వరుస ఒక్కటే మారింది. మేం చెప్పిన తప్పుడు సూత్రాన్ని వాడు తు.చ. తప్పకుండా పాటించిండు.

అసలు రెండు వరుసలు ఎందుకుంటయి? ఇది మేం మొదటి రోజే చెప్పాల్సింది. వాళ్లింటి తలుపు చూపించి చెప్పినం. తలుపు ఎంత తెరుచుకుందో చెప్పాలంటే మూసి ఉన్న చోటు నుంచి లెక్కపెట్టాలి. మూసినప్పుడు సున్నా. సగం గోడ వైపు వస్తే తొంభై. కొన్ని తలుపులకు కీళ్లు ఎడమ పక్క ఉంటయి, కొన్నిటికి కుడి పక్క. కీళ్లు ఎటున్నా లెక్క మూసిన చోటు నుంచే మొదలవుతుంది. కోణం కూడా అంతే. కింద పడుకొని ఉన్న గీత మూసిన తలుపు, రెండో గీత తెరిచిన తలుపు. పడుకున్న గీత కుడికి పోతే కుడి నుంచి సున్నా మొదలయ్యే వరుస కావాలి, ఎడమకు పోతే ఎడమ నుంచి మొదలయ్యే వరుస కావాలి. అందుకే ఒకే ప్లాస్టిక్ ముక్క మీద రెండు వరుసలు అచ్చు వేసిండ్రు. లోపలిది మంచిదీ కాదు, బయటిది చెడ్డదీ కాదు.

వాడు తప్పు చేసిన మొదటి కోణాన్నే మళ్లీ కొలిపించినం. కోణమానిని కింద గీత మధ్యలో ఉండే చుక్కను కోణం మూల మీద పెట్టిండు. కోణమానిని మీద అచ్చైన సున్నా గీతను పడుకున్న గీత మీదికి తెచ్చిండు. అంతవరకు ఎప్పటిలాగే. అప్పుడు మేం అంకె చదవనియ్యలేదు. "పడుకున్న గీత ఎటు పోతున్నది?" అన్నం. "ఎడమకు" అన్నడు. "ఆ గీత మీద సున్నా ఏ వరుసలో ఉంది?" వేలు పెట్టి చూసిండు. వాడి కోణమానినిలో లోపలి వరుసకు అక్కడ 180 ఉంది, బయటి వరుసకు సున్నా ఉంది. "ఆ సున్నా నుంచి వేలు తియ్యకుండ లెక్కపెట్టుకుంటూ రా" అన్నం. పది, ఇరవై, ముప్పై, నలభై, యాభై. రెండో గీత అక్కడే ఉంది. వాడు తలెత్తి మా వైపు చూసిండు. మూడు వారాల్లో అదే మొదటిసారి.

ఒక్క జాగ్రత్త. మా దగ్గరున్న కోణమానినుల్లో ఎడమ సున్నా బయటి వరుసలో ఉంది కాబట్టి "ఎడమకు పోతే బయటిది" అని ఇంకో సూత్రం కంఠస్థం చేయించకండి. అచ్చు వేరేగా ఉన్న ముక్క చేతికొస్తే అదీ పనిచేయదు. లోపలా బయటా అనే మాటే మానేసినం. సున్నా ఎటు పక్క ఉందో వెతికితే చాలు.

కొలిచే ముందు కంటితో ఒక అంచనా కూడా వేయమంటున్నం. పుస్తకం మూల లాంటిది లంబకోణం, అంటే 90, బడిలో కాటకోన్ అంటారు. దానికంటే సన్నగా ఉంటే అల్పకోణం, వెడల్పుగా ఉంటే అధికకోణం. అల్పకోణానికి 130 వచ్చిందంటే వరుస మారిందని వెంటనే తెలుస్తుంది. కానీ అంచనా మీదే ఆధారపడితే ఒక చోట చిక్కుతారు. తర్వాతి వారం ఇచ్చిన కాగితంలో 88 డిగ్రీల కోణం ఒకటి పెట్టినం. 88, 92 కంటికి ఒకేలా ఉంటయి. అంచనాతో వరుస ఎంచుకున్న పిల్లల్లో సగం మంది 92 రాసిండ్రు. సున్నా నుంచి లెక్కపెట్టిన మనవాడు 88 రాసిండు. అంచనా తప్పును పట్టిస్తుంది, జవాబును మాత్రం సున్నాయే ఇస్తుంది.

కోణం గీయడంలోనూ ఇదే జరుగుతుంది, కాని అక్కడ తప్పు ఇంకా దాక్కుంటుంది. 125 డిగ్రీలు గీయమన్నం, కింది గీత ఎడమకు ఉండాలని చెప్పినం. మూల మీద చుక్క, గీత మీద సున్నా గీత పెట్టి, ఎడమ సున్నా నుంచి లెక్కపెట్టి 125 దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టాలి. కోణమానిని తీసేసి మూలనూ ఆ చుక్కనూ స్కేలుతో కలపాలి. ఒక అమ్మాయి రెండో వరుసలో 125 దగ్గర చుక్క పెట్టి గీసింది. వచ్చింది 55. చక్కటి గీతే, శుభ్రంగా 125 అని రాసి కూడా పెట్టింది. గీసినాక పుస్తకం మూలను ఆనించి చూడమన్నం. పుస్తకం మూల కంటే సన్నగా ఉన్న కోణం 125 ఎట్లా అవుతుంది? తనే రబ్బరు అందుకున్నది.

ఇప్పుడు కాగితాలు దిద్దేటప్పుడు కొట్టేసే ముందు తేడా ఎంతో చూస్తున్నం. పిల్లల జవాబు, అసలు జవాబు కలిపి 180 అయితే వరుస మారింది. 47కి బదులు 53 రాస్తే అది వేరే తప్పు. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటులో 50 దగ్గర ఆగి, కుడికి మూడు చిన్న గీతలు లెక్కపెట్టి కలిపిండ్రన్నమాట. ఆ వరుసలో కుడికి పోతే అంకెలు తగ్గుతయి, పెరగవు. ఇక రెండు మూడు డిగ్రీల తేడా వస్తే పెట్టడంలో లోపం. చాలా కోణమానినుల్లో సున్నా గీత ప్లాస్టిక్ అంచు కంటే కొంచెం పైన ఉంటుంది. పిల్లలు గీత బదులు అంచును ఆనిస్తరు. అప్పుడు చుక్క మూల మీద నుంచి జరిగిపోతుంది. మూడు తప్పులకూ మందు వేరు, మూడింటికీ "శ్రద్ధ లేదు" అని రాస్తే ఏదీ నయం కాదు.

ఆ రోజు వాళ్లింట్లో ఆ పాత కాగితం మీద మా రాతను మేమే కొట్టేసినం. కింద "తప్పు మాది" అని రాసి, తేదీ వేసి, నలుగురం సంతకాలు పెట్టినం. వాళ్ల నాన్న మిల్లు నుంచి వచ్చినాక చూపిస్తనని అమ్మ దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది. మరుసటి ఆదివారం పిల్లవాడు అందరికంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడ్డడు.

మీ ఇంట్లో కోణాల కాగితం ఉంటే ఒకసారి తీసి చూడండి. ఎర్ర గీత పడిన జవాబునూ అసలు జవాబునూ కలపండి. 180 వస్తే పిల్లలను ఏమీ అనకండి. పక్కన కూర్చొని ఒక్కటే అడగండి: "సున్నా ఎటు పక్క ఉంది?"